తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కన ఉన్న స్లైడ్: సైజులూ వరసలూ కుదరడం లేదు

శ్రావణి

అందరికీ నమస్కారం. మంటలు ఆర్పే సిలిండర్ ఎలా వాడాలో చెప్పే శిక్షణ కోసం పవర్‌పాయింట్‌లో స్లైడ్లు చేస్తున్నాను. వచ్చేవాళ్లలో సగం మందికి తెలుగు చదవడం సులువు, మిగతా సగానికి ఇంగ్లిష్. అందుకని ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లిష్ పెడుతున్నాను. మామూలు `Two Content` లేఅవుటే తీసుకున్నాను. పెట్టెలు రెండూ సమానం, రెండింట్లోనూ అక్షరం 28 పాయింట్లు.

ఇబ్బందులు రెండున్నాయి. సైజు ఒకటే ఇచ్చినా తెలుగు చిన్నగా, నలిగినట్టు కనిపిస్తోంది. రెండోది, మూడో అంశం దాకా ఎదురెదురుగా ఉంటున్నాయి కానీ నాలుగోది తప్పిపోతోంది. తెలుగులో నాలుగోది కిందికి జారిపోతే ఇంగ్లిష్‌లో నాలుగోది ఒక వరస పైనే ఉంటోంది. స్లైడ్‌లో ఉన్నది ఇదీ:

```
పిన్ను లాగండి                      Pull the pin
మంట మొదలు దగ్గరికి                 Aim the nozzle at the
నాజిల్ గురిపెట్టండి                  base of the fire
మంట ఆరేంతవరకూ పిడిని వదలకుండా      Squeeze the handle
గట్టిగా నొక్కి పట్టుకోవాలి
మంట పూర్తిగా ఆరేవరకు నాజిల్‌ను       Sweep side to side
అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి            until the fire is out
```

ఇక్కడ ఎదురెదురుగా టైప్ చేశాను కానీ స్లైడ్‌లో మాత్రం కుడివైపు `Sweep` ఒక వరస పైకి వెళ్లిపోతుంది. ఇంగ్లిష్ పెట్టెలో మూడో అంశం తర్వాత ఖాళీ ఎంటర్ కొట్టి సరిపెట్టొచ్చా?

మురళి_కె

పాత అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలయితే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి. అది మార్చకుండా ఎన్ని తంటాలు పడినా సైజు కుదరదు. కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

శ్రావణి

లేదండీ, మొదటినుంచీ యూనికోడే. ఫోన్లోనూ సరిగ్గా కనిపిస్తోంది. సమస్య రెండు భాషల పొంతనతోనే.

హరీష్

రెండు భాషలకీ ఒకే ఫాంట్ కుటుంబం వాడండి, అన్నీ సర్దుకుంటాయి. హింద్ గుంటూరు గానీ అనేక్ తెలుగు గానీ తీసుకుంటే తెలుగు అక్షరాలూ ఇంగ్లిష్ అక్షరాలూ ఒకరే కలిపి గీసినవి ఉంటాయి. మీరు కాలిబ్రీలో టైప్ చేసి ఉంటారు. అందులో తెలుగే లేదు. పైన ఫాంట్ గడిలో కాలిబ్రీ అని చూపించినా తెరమీద తెలుగు వేరే ఫాంట్‌లో వస్తుంది. పొంతన చెడేది అక్కడే.

నాగభూషణం

హరీష్ చెప్పిన దాంట్లో సగం నిజముంది. గడిలో ఒక పేరు, తెరమీద ఇంకో ఫాంట్ అన్నది ముందు తేల్చుకోవలసిన విషయమే. తెలుగు పెట్టె మొత్తం ఎంచుకుని, తెలుగు ఉన్న ఫాంట్ ఒకటి, నిర్మలా యూఐ గానీ నోటో శాన్స్ తెలుగు గానీ, పేరు పెట్టి ఇవ్వండి. అప్పుడే మీరు కొలిచేదేమిటో మీకు తెలుస్తుంది. కలిపి గీసిన కుటుంబాల్లో తేడా తగ్గుతుంది, అదీ నిజమే. కానీ వరసలు తప్పడానికీ ఫాంట్‌కీ సంబంధం లేదు. నాలుగో అంశం జారడానికి కారణం మూడో అంశంలోని వాక్యం. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు సైజు చూద్దాం.

పాయింట్ సైజంటే అక్షరం ఎత్తు కాదు. అక్షరం చుట్టూ ఫాంట్ గీసినవాళ్లు ఉంచుకున్న చోటు మొత్తం అది. ఇంగ్లిష్‌లో ఆ చోటులో పైకి `h`, కిందికి `g` పోతే చాలు. తెలుగులో పైన గుడిదీర్ఘం పట్టాలి, కింద వత్తు మీద వత్తు పట్టాలి. ‘రాష్ట్రీయ’లో మధ్య అక్షరం చూడండి. పైన గుడిదీర్ఘం, కింద టవత్తు, దానికి తోడు రవత్తు. అవన్నీ ఆ చోటులోనే సర్దాలి కాబట్టి అసలు అక్షరం ఒళ్లు తగ్గించి గీస్తారు. ఏ ఫాంట్‌లో ఎంత తగ్గుతుందనేది గీసినవాళ్ల ఇష్టం. గౌతమిలో ఒళ్లు చిన్నగా ఉండి వరసల మధ్య ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ‘తెలుగుకి ఇన్ని పాయింట్లు ఎక్కువ ఇవ్వాలి’ అని ఒక అంకె ఎవరు చెప్పినా అన్ని ఫాంట్లకీ పనికిరాదు. మీ జతకి మీరే కొలుచుకోవాలి.

కొలవడం కష్టమేం కాదు. ఖాళీ స్లైడ్‌లో ఒకే పెట్టెలో `xno` అనీ, పక్కనే ‘నలగ’ అనీ 150 పాయింట్లలో టైప్ చేయండి. తలకట్టు మినహాయించి ‘న’ ఒళ్లు ఎంత ఎత్తుందో, `x` ఎంత ఎత్తుందో గైడు గీతలు పెట్టి చూడండి. తెలుగు సైజు పెంచుతూ పోయి, ఒళ్లు `x` కంటే కాస్త ఎత్తుగా కనిపించే దగ్గర ఆపండి. అప్పటి తెలుగు సైజుని 150తో భాగిస్తే మీ నిష్పత్తి వస్తుంది. స్లైడ్లన్నిటికీ అదే వాడండి.

కిరణ్మయి

కాస్త ఎత్తుగా ఎందుకు? సమానంగా ఉంటే చాలదా?

నాగభూషణం

దగ్గర్నుంచి చూస్తే సమానం చాలు. హాలు చివర్నుంచి చాలదు. తెలుగులో ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ ఉన్న తేడా చాలాసార్లు చిన్న గీతే. ‘ద’ కింద గీత పెడితే ‘ధ’, ధకి కడుపులో చుక్క పెడితే ‘థ’. ‘ప’కీ ‘ఫ’కీ, ‘బ’కీ ‘భ’కీ మధ్య ఉన్నదీ అంతే. దూరం పెరిగేకొద్దీ ముందు మాయమయ్యేది ఆ గీతా ఆ చుక్కా. మాటని అందాజుగా పోల్చుకుని చదివేస్తాం కాబట్టి చదివేవాళ్లకి తెలియదు గానీ కళ్లు అలిసిపోతాయి.

పరీక్ష చేయాలంటే స్లైడ్‌లో మామూలు వాక్యాలు పెట్టకండి. ‘బాధ, బాద, కథ, కధ, ఫలం, పలం’ లాంటివి పెట్టి, ప్రొజెక్టర్ వేసి, వెనక వరసలో కూర్చుని చూడండి. ఏది ఏదో చెప్పగలిగితే సైజు చాలినట్టు.

లెక్కల_టీచర్

నా బాధ ఇంకో రకం. నాకు రెండు పెట్టెలు ఉండవు, తెలుగు వాక్యం మధ్యలోనే ఇంగ్లిష్ వస్తుంది. ‘`sin x` విలువ 1 దాటదు’ లాంటివి. తెలుగు పెంచితే `sin x` కూడా పెరిగి భూతంలా కనిపిస్తుంది. ప్రతి వాక్యంలోనూ దాన్ని పట్టుకుని తగ్గిస్తూ కూర్చోవాలా?

నాగభూషణం

టీచర్ గారూ, పవర్‌పాయింట్‌లో అయితే కూర్చోవాలి. వర్డ్‌లో మన లిపుల సైజు వేరుగా దాచుకునే ఏర్పాటుంది కానీ పవర్‌పాయింట్‌లో ఒక ముక్కకి ఒకే సైజు. లిబ్రెఆఫీస్ ఇంప్రెస్‌లో మాత్రం సెట్టింగులలో క్లిష్ట లిపుల మద్దతు ఆన్ చేస్తే, అక్షరాల డైలాగులో పాశ్చాత్య ఫాంట్‌కి ఒక సైజు, మన లిపులకి వేరే సైజు ఇవ్వొచ్చు. శైలిలో ఒక్కసారి 24, 28 అని రాసిపెడితే టైప్ చేస్తూ పోవడమే, వాక్యం మధ్యలో దానంతటదే మారుతుంది. మీ పనికి అదే నయం. కాకపోతే ఆ ఫైల్ని తర్వాత పవర్‌పాయింట్‌లో తెరిస్తే ఆ రెండో సైజు నిలుస్తుందని నమ్మకండి. పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లండి.

లెక్కల_టీచర్

ఇది తెలియదండీ. ఈ రాత్రే చూస్తాను.

శ్రావణి

కొలిచాను. నేను వాడుతున్న జతలో ఇంగ్లిష్ 24 అయితే తెలుగు 28 బావుంది. తెలుగుని ఇంకా పెంచుదామనుకున్నాను గానీ చోటు లేదు, అందుకే ఇంగ్లిష్‌నే తగ్గించాను. ఇప్పుడు పక్కపక్కన చూస్తే ఒకే సైజులా ఉన్నాయి. కానీ తెలుగు వరసలు మరీ ఇరుకుగా ఉన్నాయి. ‘గట్టిగా నొక్కి’లో కవత్తు కింది వరసలోని గుడిని తాకేస్తోంది.

నాగభూషణం

ఆఫీస్ సొంత థీమ్‌లో వరసల ఎడం 90 శాతమే ఉంటుందమ్మా. ఇంగ్లిష్‌కి అది చక్కగా సరిపోతుంది, వత్తులున్న లిపికి చాలదు. పేరాగ్రాఫ్ డైలాగులో `Line Spacing` దగ్గర `Multiple` అని 0.9 కనిపిస్తుంది. దాన్ని 1కో 1.1కో మార్చితే తాకడం పోతుంది.

కానీ పక్కపక్కన పెట్టే స్లైడుకి `Multiple` వద్దు. అది ఫాంట్ సొంత కొలతల్ని బట్టి లెక్క వేస్తుంది. కాబట్టి రెండు పెట్టెల్లోనూ 1 అని రాసినా తెలుగు వరస ఎత్తు ఒకటి, ఇంగ్లిష్ వరస ఎత్తు ఇంకొకటి అవుతుంది. కిందికి పోయేకొద్దీ తేడా పోగవుతుంది. రెండింటికీ `Exactly` పెట్టి 40 పాయింట్లు ఇవ్వండి. అంశానికీ అంశానికీ మధ్య `After` దగ్గర రెండింట్లోనూ 14 ఇవ్వండి. అప్పుడు అక్షరం సైజులు వేరైనా వరసల నడక ఒకటే. 40 ఇంగ్లిష్‌కి కాస్త వదులే, అయినా ఇబ్బందేం ఉండదు. తెలుగుకి ఎంత కావాలో అంత ఇచ్చి ఇంగ్లిష్‌ని దాని వెంట నడిపించడమే మార్గం. అటుది ఇటు చేస్తే వత్తులు తెగినట్టు కనిపిస్తాయి.

ఇంకో మాట. పెట్టె మీద కుడి క్లిక్ చేసి `Format Shape`లో `Do not Autofit` ఎంచుకోండి. `Shrink text on overflow` ఉంటే ఏ పెట్టె నిండితే ఆ పెట్టె దానంతటదే కుంచించుకుపోతుంది. ముందు నిండేది ఎప్పుడూ తెలుగు పెట్టే. మీరు 28 ఇచ్చిన చోట సైజు గడిలో మీరివ్వని అంకె కనిపిస్తే జరిగింది అదే.

హరీష్

ఇవన్నీ ప్రతి స్లైడ్‌లో చేయక్కర్లేదు కదా. `View > Slide Master`లో ఆ లేఅవుట్ నకలు తీసుకుని, ఎడమ పెట్టెకి తెలుగు కొలతలు, కుడి పెట్టెకి ఇంగ్లిష్ కొలతలు ఒక్కసారి ఇస్తే కొత్త స్లైడ్లన్నీ అలాగే వస్తాయి.

నాగభూషణం

అవును, అలాగే చేయాలి. పెట్టెల వెడల్పులు కూడా అక్కడే మార్చేయండి. వెడల్పు స్లైడ్ 13.33 అంగుళాలు. రెండు అంచుల్లో 0.6 చొప్పున, మధ్యలో 0.5 వదిలితే 11.63 మిగులుతుంది. దాన్ని సగం సగం చేయకుండా తెలుగుకి 6.4, ఇంగ్లిష్‌కి 5.23 ఇవ్వండి. తెలుగులో మాటలు తక్కువే ఉంటాయి గానీ ఒక్కో మాట పొడవు. పైగా వాక్యం చివర వచ్చే క్రియ మరీ పొడవు. ‘గురిపెట్టండి’, ‘పట్టుకోవాలి’ లాంటివి వరసలో పట్టకపోతే మాట మధ్యలో విరగవు, మొత్తంగా కిందికి దిగి రెండో వరసలో ఒంటరిగా కూర్చుంటాయి. తెలుగు పెట్టె ఇరుకైతే ప్రతి అంశానికీ అదే తంతు. రెండు అంచులూ సమానంగా సర్దే `Justify` మాత్రం నొక్కకండి. వరసకి మూడు నాలుగు మాటలే ఉన్నప్పుడు వాటి మధ్య గుంతలు పడతాయి. ఎడమ అంచు ఒక్కటే సమానంగా ఉంటే చాలు.

ఇప్పుడు మీ నాలుగు అంశాలు చూద్దాం. 6.4 అంగుళాల పెట్టెలో 28 పాయింట్ల తెలుగు సుమారు 20 అక్షరాలు పడుతుంది. రెండో అంశం ఇక ఒకే వరసలో వచ్చేస్తుంది, ఇంగ్లిష్‌లోనేమో ఇంకా రెండు వరసలే. కాబట్టి అక్కడ ఇంగ్లిష్‌ని కుదించాలి. `Aim at the base of the fire` అంటే చాలు, నాజిల్ పట్టుకునే ఉంటారు కదా. మూడోది తెలుగులో రెండు వరసలు, ఇంగ్లిష్‌లో ఒకటి. మీ నాలుగో అంశం జారింది దీనివల్లే. ‘మంట ఆరేంతవరకూ’ అన్నది నాలుగోదాంట్లో ఎలాగూ వస్తోంది, ఇక్కడ తీసేయండి. ‘పిడిని నొక్కి పట్టుకోండి’ అంటే ఒక వరస. నాలుగోది రెండు వైపులా రెండు వరసలు, దాన్ని కదపనక్కర్లేదు. మొత్తం అయిదు వరసలు, 200 పాయింట్లు. మధ్య ఖాళీలు మూడు, 42. అంతా కలిపి మూడున్నర అంగుళాల లోపే, శీర్షికకి బోలెడు చోటుంటుంది.

మీరడిగిన ఖాళీ ఎంటర్ మాత్రం వద్దు. ఇవాళ సరిపోతుంది. రేపు ఎవరో ఒక మాట మారుస్తారు, వరసలు మారతాయి, ఆ ఖాళీ అక్కడే ఉండిపోతుంది.

సుభద్ర

ఇంత లెక్కెందుకండీ? రెండు నిలువు గడులున్న టేబుల్ పెట్టండి. ఒక్కో అంశానికి ఒక్కో అడ్డ వరస, గీతలు కనపడకుండా తీసేయండి. ఎటువైపు వాక్యం పొడవైతే ఆ అడ్డ వరస అంత ఎత్తు పెరుగుతుంది, రెండోవైపు దానంతటదే ఎదురుగా ఉంటుంది. వాక్యాలు కత్తిరించే పని లేదు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి కూడా అంశం తర్వాత అంశంగా, తెలుగు ముక్క వెంటనే దాని ఇంగ్లిష్ ముక్క చదువుతుంది. రెండు పెట్టెలైతే తెలుగు మొత్తం చదివి ఆ తర్వాత ఇంగ్లిష్ మొత్తం చదువుతుంది. ఏది ముందో కూడా పెట్టెలు ఏ క్రమంలో పెట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది.

శ్రావణి

సుభద్ర గారూ, టేబుల్ ఆలోచన నచ్చింది. కానీ నాకు అంశాలు ఒక్కొక్కటిగా కనిపించాలి. పిన్ను లాగడం చేసి చూపించాక రెండోది రావాలి. టేబుల్‌కి యానిమేషన్ పెడితే మొత్తం ఒకేసారి వచ్చేస్తోంది.

సుభద్ర

అవును, పవర్‌పాయింట్‌లో టేబుల్ అడ్డ వరసల్ని విడివిడిగా రప్పించలేం. అదే స్లైడ్‌ని నాలుగు నకళ్లు చేసి, మొదటిదాంట్లో మొదటి అంశం, రెండోదాంట్లో రెండు, అలా నింపుకుంటూ పొండి. టేబుల్ కదలదు కాబట్టి చూసేవాళ్లకి అంశం కొత్తగా వచ్చినట్టే ఉంటుంది.

నాగభూషణం

అప్పుడు ఒక మాట మార్చాలంటే నాలుగు చోట్ల మార్చాలి, ఒకచోట మర్చిపోతారు. మాటిమాటికీ మారే శిక్షణ స్లైడుకి నేను రెండు పెట్టెలే వాడతాను. అంశానికి ఒక వరస, మహా అయితే రెండు దాటకుండా రాస్తే టేబుల్ అవసరం రాదు. చదువుకోమని పంపించే ఫైలైతే టేబులే మంచిది, అందులో సుభద్ర గారితో నాకు పేచీ లేదు.

సుభద్ర

నాకు పేచీ ఉంది. వాక్యం పొడవు మీ చేతిలో ఉండదు. భద్రతా నియమాలు పైనుంచి రాసి ఇస్తారు, ఒక్క మాట తీయడానికి వీల్లేదంటారు. అప్పుడు మీ లెక్కలేవీ నిలవవు.

కిరణ్మయి

అసలు పక్కపక్కన ఎందుకు? పైన తెలుగు, కింద ఇంగ్లిష్ పెడితే ఒక్కోదానికి పూర్తి వెడల్పు వస్తుంది కదా. నేను శీర్షికలకి అలాగే చేస్తాను, తెలుగు పెద్దగా, దాని కింద ఇంగ్లిష్ చిన్నగా.

నాగభూషణం

శీర్షికకి అదే మంచిది. అక్కడ సగం వెడల్పు ఇస్తే రెండు భాషలూ రెండేసి వరసలవుతాయి. అంశాలకి అలా పెడితే తెలుగు చదివేవాళ్లు ఒక అంశం నుంచి తర్వాతి అంశానికి పోవాలంటే మధ్యలో ఇంగ్లిష్ వరసని దాటాలి, ప్రతిసారీ. పక్కపక్కన ఉంటే ఎవరి నిలువు వాళ్లది. రెండు మూడు అంశాలే ఉన్న స్లైడ్ అయితే మీ పద్ధతి నడుస్తుంది.

మురళి_కె

శీర్షికకి నేను మందం కూడా పెడతాను. తెలుగులో `B` నొక్కితే అక్షరాలు మూసుకుపోయినట్టవుతున్నాయి, అది కూడా సైజు సమస్యేనా?

హరీష్

ఫాంట్‌ని బట్టి. మండలి లాంటి ఫాంట్‌లో ఒకే మందం ఉంటుంది. `B` నొక్కితే పవర్‌పాయింటే గీతల్ని ఉబ్బిస్తుంది, ‘థ’లో చుక్కా ‘ఘ’లో సందులూ పూడిపోతాయి. మందం విడిగా గీసిన ఫాంట్ వాడండి. నోటో శాన్స్ తెలుగులో, హింద్ గుంటూరులో, బాలూ తమ్ముడు 2లో ఉన్నాయి. లేకపోతే మందం బదులు రంగు మార్చండి. వాలు అక్షరాలు మాత్రం తెలుగులో వద్దు, దాదాపు అన్ని ఫాంట్లలోనూ ఉన్నదాన్నే పక్కకి వంచడమే.

శ్రావణి

మాస్టర్‌లో మార్చాను. 40 పాయింట్ల ఎడం, 6.4, 5.23 వెడల్పులు, వాక్యాలు కూడా కుదించాను. నాలుగూ ఎదురెదురుగా వచ్చాయి. రెండు సందేహాలు మిగిలాయి. మొదటి వరస దగ్గర తెలుగు అక్షరం పాదం ఇంగ్లిష్ దానికంటే కొద్దిగా కిందుంది. ఆ తేడా చివరిదాకా అంతే ఉంది, పెరగడం లేదు. ఇక యానిమేషన్ పెడితే తెలుగు నాలుగూ వచ్చాకే ఇంగ్లిష్ మొదలవుతోంది.

నాగభూషణం

తేడా పెరగడం లేదంటే ఎడం కుదిరినట్టే. రెండు ఫాంట్లలో అక్షరం పాదం ఉండే చోటు వేరు, అంతే. మాస్టర్‌లో ఇంగ్లిష్ పెట్టెని ఎంచుకుని `Ctrl` పట్టుకుని కింది బాణం నొక్కితే కొంచెం కొంచెంగా జరుగుతుంది. ‘న’ పాదమూ `n` పాదమూ ఒకే గీత మీదికి రాగానే ఆపండి.

యానిమేషన్‌కి రెండు పెట్టెల్లోనూ పేరాల వారీగా వచ్చేలా పెట్టి, `Animation Pane`లో జాబితా విప్పండి. ఇంగ్లిష్ మొదటి అంశాన్ని లాగి తెలుగు మొదటి అంశం కిందికి తెచ్చి `With Previous` చేయండి. మిగతా మూడూ అలాగే. ఒక్క నొక్కుకి రెండు భాషలూ కలిసి వస్తాయి.

సుభద్ర

అది అయ్యాక `Selection Pane` కూడా ఒకసారి తెరవండి శ్రావణి గారూ. అందులో జాబితా అడుగున ఉన్నది స్క్రీన్ రీడర్ ముందు చదువుతుంది. శీర్షిక అన్నిటికంటే కింద, దాని పైన తెలుగు పెట్టె, ఆ పైన ఇంగ్లిష్ ఉండాలి. నియమాలు అక్షరం మార్చకుండా పెట్టాల్సిన స్లైడ్లు మీ దగ్గర ఉంటే వాటికి మాత్రం టేబులే పెట్టండి, వాటికి యానిమేషన్ ఎలాగూ అక్కర్లేదు.

శ్రావణి

అలాంటివి రెండున్నాయి, వాటికి టేబులే పెడతాను. శిక్షణ రోజు వాడే కంప్యూటర్ మాత్రం నాది కాదు. అందులో ఈ ఫాంట్ లేకపోతే ఈ కొలతలన్నీ పోతాయా?

హరీష్

పోతాయి. వేరే తెలుగు ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, ఒక వరసలో పట్టినవి రెండు వరసలవుతాయి. `File > Options > Save`లో `Embed fonts in the file` పెట్టి, అక్షరాలన్నీ దాచమనే రెండో ఎంపిక తీసుకోండి. కొన్ని ఫాంట్లు అందుకు ఒప్పుకోవు, అందుకని ఆ ఫైల్ని ఫాంట్ లేని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి మూడో అంశం ఒకే వరసలో ఉందో లేదో చూసుకోండి. పీడీఎఫ్ ఒకటి కూడా వెంట ఉంచుకోండి. అందులో యానిమేషన్ రాదు గానీ కొలతలు చెదరవు.